అల్లదీ గారి వంశవృక్షం

గల్ఫ్ వెళ్లే మేస్త్రీలకీ డ్రైవర్లకీ 30 రోజుల్లో అరబీ నేర్పేస్తామనే పుస్తకాల రచయితలకు శాలువాలు కప్పాల్సిందే. ఒక నామానికి దాన్ని వర్ణించే వాక్యాన్ని తగిలించే సంబంధ సర్వనామానికి వారు వేసే పట్టిక చూడండి: మగవాడైతే అల్లదీ, ఆడమనిషైతే అల్లతీ, ఇద్దరు మగవాళ్లైతే అల్లదాని, ఆ ఇద్దరే కర్మస్థానంలో కూర్చుంటే అల్లదైని. అచ్చంగా వంశవృక్షమే. ఆ పక్కన 'ఎవడు, ఏది' అని అర్థం రాసేసి చేతులు దులిపేసుకుంటారు.

అసలు చిక్కు మన భాషతో. 'నేను తలుపు తీసిన తాళంచెవి' అంటాం. తాళంచెవితో తీశాం కదా, ఆ 'తో' ఏమైంది? తెలుగు మింగేసింది. అరబీ మింగదు. 'అల్-మిఫ్తాహు ల్లదీ ఫతహ్‌తు బిహి ల్-బాబ' అనాలి. 'బిహి' అంటే 'దానితో'. అలా వెనక్కి తిరిగొచ్చి ముందరి నామాన్ని పట్టుకునే సర్వనామాన్ని అక్కడి వైయాకరణులు 'ఆయిద్' అన్నారు. క్రియకు సూటిగా కర్మ అయితే, 'చదివిన పుస్తకం' లాంటి చోట, రాతలో దాన్ని వదిలేసినా చెల్లుతుంది. 'బి', 'ఫీ' లాంటి విభక్తుల వెంట ఉన్నదాన్ని వదిలితే మాత్రం వాక్యం కుంటుతుంది. పట్టికలో ఆయిద్‌కు గది కేటాయించలేదు, స్థలాభావం కాబోలు.

ఇక గది వెతుక్కునే దృశ్యం. కిటికీ ఉన్న గది ఏదైనా సరే కావాలి మనవాడికి. పుస్తకం మీద భక్తితో 'అల్-గుర్ఫ అల్లతీ ఫీహా నాఫిద' అన్నాడు. ఇంటాయనకు అది 'ఆ కిటికీ గది' అని వినబడింది. ఏ గది? అన్నాడు. కిటికీ ఉన్నదే, అన్నాడు మనవాడు. అదే, ఏది? అన్నాడాయన. పుస్తకం మళ్లీ తిరగేసి, ఈసారి 'ఫలానా' అని తేల్చి చెప్పే 'అల్' ఊడబెరికి 'గుర్ఫతన్ అల్లతీ' అన్నాడు. ఇప్పుడు వ్యాకరణమే చచ్చింది. అనిశ్చిత నామం వెనక అల్లతీ రానే రాదు. 'గుర్ఫతన్ ఫీహా నాఫిద', అంటే 'ఒక గది, అందులో కిటికీ', అంతే. సర్వనామం పోతుంది, 'ఫీహా'లో ఆయిద్ మాత్రం ఉంటుంది. ఈ ఒక్క ముక్క ఎక్కడా రాయరు.

రాయకపోతే పోయారు. గల్ఫ్ వీధిలో ఆ వంశవృక్షంతోనే పని లేదయ్యా! మగా ఆడా, ఒకరూ వందమందీ, అందరికీ 'ఇల్లీ' ఒక్కటే. 'ఇల్-మిఫ్తాహ్ ఇల్లీ ఫితహ్‌త్ బిహ్ ఇల్-బాబ్', అయిపోయింది. అక్కడా 'బిహ్' వదలరు, చూశారా? కిటికీ ఉన్న గది కావాలంటే 'అబీ గుర్ఫ ఫీహా దిరీషా', ఇల్లీ కూడా అక్కర్లేదు. అప్పుచేసి వీసా కొన్నవాడికి అక్కర్లేని ద్వివచనాలు బట్టీపట్టించి, పూటపూటా నోట్లో ఆడాల్సిన 'బిహ్'నీ 'ఫీహా'నీ దాచేయడానికి సిగ్గుండాలి. ఇల్లీ గురించి రాస్తే అర పేజీ కూడా నిండదు, పట్టికైతే నాలుగు పేజీలు లాగొచ్చు. పుస్తకం లావుని బట్టే కదా ధర.