సవరణ: ప్రమేయపు సగటు విలువ

“[0, 3] మీద x² సగటు 4.5 అన్నారు. ఆ ఎత్తుతో దీర్ఘచతురస్రం గీస్తే వైశాల్యం 13.5 వస్తోంది. వక్రం కింద ఉన్నది 9 మాత్రమే కదా?”

పొరపాటు నాదే. రెండు చివరల విలువలైన 0, 9లను కూడి సగం చేశాను. ఆ పద్ధతి సరళరేఖకు ఎప్పుడూ సరిపోతుంది గానీ, మొదట నిదానంగా పెరిగి చివర్లో ఒక్కసారిగా లేచే ఈ వక్రానికి సరిపోదు. 0 నుంచి 3 వరకు సమాకలని విలువ 9, దాన్ని అంతరం పొడవు 3తో భాగిస్తే సగటు 3 అవుతుంది.

ఎత్తు 3 గల దీర్ఘచతురస్రపు పై అంచును వక్రం x = √3 వద్ద, అంటే సుమారు 1.73 దగ్గర దాటుతుంది (మధ్యబిందువు 1.5 వద్ద కాదు). అక్కడికి ఎడమవైపు వక్రానికీ అంచుకూ నడుమ మిగిలే ఖాళీ 2√3, కుడివైపు అంచుకు పైన ఉన్న భాగమూ సరిగ్గా 2√3.