రెండు శాతం పాండిత్యం

సిద్ధాంత గ్రంథం ఇచ్చి ఏళ్లు గడిచినా పీహెచ్‌డీ చేతికి రావడం లేదని, మన విశ్వవిద్యాలయాలు ఫైళ్లమీద కూర్చుంటున్నాయని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. ఇది ఘోరమైన అపవాదు. గ్రంథం సమర్పించిన తేదీ నుంచి ఆరు నెలల్లో మూల్యాంకనమంతా ముగించాలని యూజీసీ 2022 నిబంధనల్లో రాసుంది. మనవాళ్లు దాన్ని పాటిస్తూనే ఉన్నారు. సమర్పించిన తేదీ ఏదన్నది మాత్రం తామే నిర్ణయిస్తారు, అంతే తేడా. నల్ల అట్ట, బంగారు అక్షరాల బైండింగ్ పుస్తకాన్ని తెచ్చి బల్లమీద పెట్టినంత మాత్రాన సమర్పించినట్టా? లైబ్రరీ నో డ్యూస్ కావాలి, హాస్టల్ నో డ్యూస్ కావాలి, అసలు హాస్టల్‌లోనే ఉండనివాళ్లకు ఉండలేదన్న కాగితం కావాలి. ఆ పైన సెక్షన్ రిజిస్టర్‌లో నంబరు పడాలి. గడియారం తిరగడం అప్పుడు మొదలవుతుంది.

అన్నిటికన్నా ముందు, ఇతరుల రాతల్లోంచి ఎత్తి రాశారేమో పట్టుకునే పోలికల పరీక్ష ఉంది. తెలుగు శాఖలో ఒక పరిశోధకురాలి సంగతి చెబుతాను, ఇలాంటి ఆమె మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. ఆమె విషయం నాట్లప్పుడు, కలుపులప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటలు. ఊరూరా తిరిగి సేకరించింది, ఇదివరకు అచ్చయినవాటితో పోల్చి చూసింది. గ్రంథాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 27 శాతం అని వచ్చింది.

2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికలుంటే పేచీ లేదు. 10 దాటి 40 లోపైతే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు గ్రంథం ఇవ్వడానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్కన ఆమె మొదటి స్థాయి నేరస్థురాలు. ఆధారం చూపి ఉటంకించినవాటిని, ఉపయుక్త గ్రంథ సూచిని, విషయసూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను లెక్కలోంచి తీసెయ్యాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. వరసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసినా వదిలెయ్యమన్నాయి. కానీ తీసెయ్యమని యంత్రానికి చెప్పాలంటే తెరమీద ఓ గడిలో టిక్కు పెట్టాలి. అంత పెద్ద నిర్ణయం ఏ స్థాయిలో తీసుకోవాలో లైబ్రరీలో ఎవరికీ స్పష్టత లేదు. టిక్కు పెట్టినా, పాటల్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా పేజీలో కాస్త లోపలికి జరిపి వేశారు కాబట్టి అవి ఉటంకింపులని యంత్రానికి తెలీదు. దాని దృష్టిలో ఆ పాటలన్నీ ఆమె రాసుకున్నవే, లేదా ఆమె దొంగిలించినవే.

రిపోర్టు తెరిచి ఏ వాక్యం ఎక్కడ కలిసిందో ఎవరైనా చూశారా అని అడక్కండి. మొదటి పేజీలో అంకె అంత పెద్దగా వేసిందే లోపలి పేజీలు చూసే శ్రమ తప్పించడానికి. గైడ్ మాత్రం చూశారు. కళ్లజోడు సవరించుకుని, "ఈ పాటల్ని కొంచెం నీ సొంత మాటల్లో రాయమ్మా" అన్నారు. వందేళ్లుగా నాట్లు వేసేవాళ్ల నోట నలిగిన పాటను సొంత మాటల్లో తిరగరాయడం జానపద పరిశోధనలో నిస్సందేహంగా ముందడుగే.

అదృష్టం బాగుండి, యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న డీటీపీ ఆయన ఆమెను ఆ పాపం నుంచి తప్పించాడు. గ్రంథాన్ని అను ఫాంట్లలో పెట్టిచ్చాడు. అను యూనికోడ్ కాదన్న సంగతి తెలిసిందే. మన కంటికి అది ముత్యాల్లాంటి తెలుగు, లోపల ఉన్నది మాత్రం నెత్తిన చుక్కలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాల గుట్ట. అందులో తెలుగన్నది యంత్రానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని దేనితోనూ పోల్చలేదు కదా! ఈసారి 2 శాతం. ఆ రెండైనా మొదటి పేజీల్లో ఇంగ్లీషులో ఉన్న ధ్రువీకరణ పత్రాలవి. గైడ్ ఆనందించారు, లైబ్రరీ సర్టిఫికెట్ ఇచ్చింది. పాటల్లో ఒక్క అక్షరం మారలేదు. ఈ సాఫ్ట్‌వేర్లను యూజీసీ వారి గ్రంథాలయ సేవల కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019 నుంచి విశ్వవిద్యాలయాలకు ఏ పేరుతో ఇస్తోందో తెలుసా? శోధ్‌శుద్ధి. చదవడానికే వీల్లేని గ్రంథాన్ని మించిన శుద్ధమైన శోధ ఇంకేముంటుంది?

ఇక పరీక్షకులు. గైడ్ ఒక ప్యానెల్ ఇస్తారు, వైస్ ఛాన్సలర్ అందులో కొన్ని పేర్ల పక్కన టిక్కు పెడతారు. కనీసం ఇద్దరు బయటివాళ్లు ఉండాలి, వీలైనచోట ఒకరు విదేశాల నుంచి ఉండాలి. తెలుగు శాఖల్లో ఈ నిబంధనలోని 'వీలైనచోట' అన్న మాటను మాత్రమే చదువుతారు. వీసీ పదవి ఖాళీగా ఉంటే ఇన్‌ఛార్జి ఉంటారు. ఇన్‌ఛార్జి గారు విధానపరమైన నిర్ణయాలు తీసుకోరు, టిక్కు విధానపరమైనదే. కొత్త వీసీ వచ్చాక పాత ప్యానెల్‌లో ఒకరు రిటైరయ్యారని ఫైలు వెనక్కొస్తుంది. చివరికి ఇద్దరికి ఉత్తరాలు వెళ్తాయి. ఒకరు ఒప్పుకుంటారు, ఇంకొకరు ఒప్పుకోరు, కాదనీ అనరు. మూడుసార్లు గుర్తుచేశాక, తన మెయిల్ తన విద్యార్థి చూస్తాడని, ఆ విద్యార్థి గ్రంథం ఇచ్చి వెళ్లిపోయాడని ఆయన బాధపడతారు.

రిపోర్టులు సీల్డ్ కవర్లలో వచ్చాయి. విషయం నూతనం, భాష సరళం, అధ్యాయ విభజన సమంజసం, అక్కడక్కడా అచ్చుతప్పులున్నాయి, పట్టానికి సిఫారసు చేస్తున్నాను. రెండో కవర్లోనూ ఇవే మాటలు, ఇదే వరస. పద్నాలుగు మాటల మినహాయింపు ఇచ్చినా ఈ రెండూ మూడో స్థాయిలోకి పోయేవి. కానీ పరీక్షకుల రిపోర్టులను పోలికల పరీక్షకు పంపాలని ఏ నిబంధనా లేదు. "నా విద్యార్థికి నువ్వు, నీ విద్యార్థికి నేను" అనుకునే పెద్దల మధ్య శైలి కలవడం సహజం.

వైవా సంగతి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చని నిబంధనల్లో ఉన్నా, తిరుపతి దర్శనం కూడా కలిసొచ్చేలా పరీక్షకుడు తేదీ అడిగితే మర్యాద తెలిసినవాళ్లు కాదనరు. ఈ అంశమే ఎందుకు ఎంచుకున్నావని ఒక ప్రశ్న, 143వ పుటలో అచ్చుతప్పు గురించి ఇంకో ప్రశ్న వచ్చాయి. ఆమె పాటొకటి పాడి వినిపించింది. ఆ పాట ఏ కార్తెలో పాడతారు, ఎవరు ఎత్తుకుంటే ఎవరు అందుకుంటారు అని వెనక బెంచీలోంచి ఒక జూనియర్ అడగబోతే, భోజనాల వేళయిందని గైడ్ గుర్తుచేశారు. శాలువా, ఫొటో, బిర్యానీ. ఫైలు మళ్లీ సెక్షన్‌కు వెళ్లి, వీసీ సంతకమై, నోటిఫికేషన్ వచ్చి, ప్రొవిజనల్ చేతికొచ్చేసరికి ఆ జూనియర్ పీహెచ్‌డీలో చేరిపోయాడు.

నిబంధన ప్రకారం ఆమె గ్రంథాన్ని, దేశంలోని సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగలో పెట్టారు. అదే అను ఫాంట్ల పీడీఎఫ్. జూనియర్ శ్రద్ధగలవాడు కాబట్టి యూనికోడ్‌లో నాట్ల పాటలు, కలుపు పాటలు, పాటల మొదటి పాదాలు అన్నీ కొట్టి వెతికాడు. ఆమె గ్రంథంలోంచి ఒక్క పాదమూ తగల్లేదు. తన సినాప్సిస్‌లో "ఈ పాటలపై ఇంతవరకు సమగ్ర పరిశోధన జరగలేదు" అని రాశాడు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. గైడ్ ఆయనే.