బ్లూ కట్ కళ్ళజోడు, తలనొప్పి, ఆ లేజర్ పెన్ను

"స్క్రీన్‌లోంచి వచ్చే బ్లూ లైట్ వల్లే తలనొప్పి, కళ్ళ మంట. అది మెల్లగా రెటీనాను కూడా కాల్చేస్తుంది. బ్లూ కట్ కళ్ళజోడు పెట్టుకుంటే చాలు. నమ్మకపోతే షాపులో లేజర్ పెన్నుతో టెస్ట్ చేసి చూపిస్తారు. బ్రైట్‌నెస్ ఎప్పుడూ అడుగుకి దించేసి, డార్క్ మోడ్‌లో పెట్టుకోండి. అందరికీ పంపండి."

ఈ మెసేజ్ నాకు ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. కళ్ళ పరీక్షలు చేసే పని నాది కాబట్టి "నిజమేనా సార్?" అన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది.

ముందు లేజర్ పెన్ను సంగతి చూద్దాం, ఎందుకంటే మనుషుల్ని నమ్మించేది అదే. పెన్ను నొక్కితే కార్డు మీద ఊదా నీలం చుక్క పడుతుంది. మధ్యలో మామూలు అద్దం పెడితే చుక్క అలాగే ఉంటుంది, బ్లూ కట్ అద్దం పెడితే మాయమవుతుంది. ఇందులో కనికట్టు లేదు, అద్దం నిజంగానే ఆపుతోంది. కాకపోతే ఆపుతున్నది దేన్ని అన్నదే ప్రశ్న. ఆ పెన్నుల్లో సాధారణంగా ఉండేది 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, రంగుని నిర్ణయించేది ఈ అంకే. అది దాదాపు ఊదా రంగు. మన ఫోన్లు, మానిటర్ల నీలి కాంతి ఎక్కువగా ఉండేది 450 దగ్గర. చూడ్డానికి తెల్లగా ఉండే బ్లూ కట్ అద్దాలు 420కి లోపు కాంతిని గట్టిగా ఆపుతాయి, 450కి వచ్చేసరికి చాలావరకు వదిలేస్తాయి. దొంగ వచ్చే దారి వదిలేసి పక్క గోడకి తాళం వేసినట్టన్నమాట. మొత్తం మీద ఇలాంటి అద్దాలు ఆపే నీలి కాంతి సుమారు 10 నుంచి 25 శాతం. అంతకంటే బాగా ఎక్కువ ఆపాలంటే అద్దం పసుపు పచ్చగానో నారింజ రంగులోనో ఉండి తీరాలి, అప్పుడు లోకం రంగే మారిపోతుంది.

మీ దగ్గర ఆ కళ్ళజోడు ఇప్పటికే ఉంటే ఇంట్లోనే చూడొచ్చు. స్క్రీన్ నిండా ముదురు నీలం రంగు బొమ్మ ఒకటి తెరిచి, అద్దంలోంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడండి. తేడా ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

ఇక తలనొప్పి, కళ్ళ మంట. మెల్‌బోర్న్ పరిశోధకులు 2021లో 120 మందిని రెండు గంటలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. కొందరికి బ్లూ కట్ అద్దాలు, కొందరికి మామూలు అద్దాలు. కళ్ళ అలసటలో తేడా రాలేదు. "ఇవి చాలా మంచి అద్దాలు" అని ముందే పొగిడి ఇచ్చినా రాలేదు. 2023లో కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి పరిశీలించి, కొద్దికాలపు వాడకంలో ఈ అద్దాల వల్ల కళ్ళ అలసట తగ్గకపోవచ్చని తేల్చింది. ఆ ప్రయోగాలు చాలావరకు చిన్నవి, తక్కువ రోజులు సాగినవి. కాబట్టి "ఎవరికీ, ఎప్పటికీ పనికిరావు" అని నేను అనను. కానీ డబ్బు పెట్టి కొనమని చెప్పేంత ఆధారం మాత్రం లేదు. ఆ ప్రయోగాల్లో కొందరు కళ్ళజోడు పెట్టుకున్నాకే తలనొప్పి వచ్చిందని చెప్పారు. మామూలు అద్దాల వాళ్ళలోనూ అలా చెప్పినవాళ్ళున్నారు.

"మరి నాకు తగ్గిందే!" అనేవాళ్ళను నేను కొట్టిపారేయను. అడిగి చూస్తే చాలాసార్లు తెలిసేది ఏమిటంటే, బ్లూ కట్ కొనేటప్పుడు కంటి పరీక్ష కూడా జరిగింది, చిన్న పవర్ ఒకటి బయటపడింది, అదీ అద్దంలోకి వచ్చింది. నలభై దాటినవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. తగ్గించింది పవర్, పేరు వచ్చింది బ్లూ కట్ పూతకి.

రెటీనా కాలిపోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెలుతురు పది వేల లక్స్ దాకా ఉంటుంది. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత. స్క్రీన్ నుంచి కంటికి చేరేది వంద లక్స్ అటూ ఇటూ, చాలాసార్లు ఇంకా తక్కువ. ఈ భయం బాగా పాకింది 2018లో, అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం ప్రయోగం తర్వాత. అది గాజు పాత్రలో పెంచిన కణాల మీద చేసింది. ఆ కణాలు రెటీనావి కావని, స్క్రీన్ కాంతి కంటిలో పడే తీరు అది కాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తాల్మాలజీ అప్పుడే చెప్పింది.

మరి స్క్రీన్ ముందు తల ఎందుకు నొస్తుంది? రెప్ప వేయడం తగ్గడం ఒక కారణం. 1993లో జపాన్ పరిశోధకులు ఆఫీసు ఉద్యోగుల్లో లెక్కపెడితే, ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, స్క్రీన్ చూసేటప్పుడు 7 సార్లు రెప్ప పడింది. కన్ను పొడిబారుతుంది, మంట మొదలవుతుంది. రెండోది చిన్న అక్షరాల కోసం మెడ ముందుకు చాచడం, కళ్ళు చికిలించడం. మూడోది స్క్రీన్ వెలుగుకీ చుట్టూ ఉన్న వెలుగుకీ పొంతన లేకపోవడం. బ్రైట్‌నెస్ సలహా తప్పేది సరిగ్గా ఈ మూడో చోటే.

లెక్కల పని చేసే ఒకావిడ వచ్చారు. సాయంత్రం నాలుగయ్యేసరికి నుదుటి మీద బరువు, రాత్రి మంచం మీద ఫోన్ చూస్తే మళ్ళీ నొప్పి. అప్పటికే రెండు బ్లూ కట్ కళ్ళజోళ్ళు కొన్నారు. పవర్ సరిగ్గానే ఉంది. "బ్రైట్‌నెస్ ఎంత పెడతారు?" అని అడిగితే, ఆఫీసు మానిటర్ ఎప్పుడూ ముట్టుకోలేదన్నారు, ఫోన్ మాత్రం మెసేజ్‌లో చెప్పినట్టు అడుగుకి దించారట.

మానిటర్ చూద్దాం. డబ్బాలోంచి తీసినప్పుడు చాలా మానిటర్లు 250 నుంచి 350 నిట్ల వెలుగు ఇస్తాయి. నిట్ అంటే తెర ఎంత ప్రకాశంగా ఉందో చెప్పే కొలత. మామూలు ఆఫీసు బల్ల మీద 500 లక్స్ వెలుతురు ఉందనుకుంటే, అక్కడున్న తెల్ల కాగితం వెలుగు సుమారు 125 నిట్లు. అంటే ఆవిడ రోజంతా కాగితానికి రెట్టింపు కంటే ఎక్కువ వెలిగే తెల్లటి షీటు చూస్తున్నారు. దీనికి మీటరు అక్కర్లేదు. ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలిగితే తగ్గించాలి, మాసిన గుడ్డలా కనిపిస్తే పెంచాలి. రెండూ దాదాపు ఒకేలా కనిపించే చోట ఆపాలి. ఆవిడ మానిటర్‌లో అది 35 దగ్గర కుదిరింది. మీ దాంట్లో అంకె వేరేగా ఉంటుంది, దాన్ని కాపీ కొట్టకండి. మానిటర్ మెనూలో Dynamic Contrast లాంటిది ఉంటే ఆపేయండి, లేకపోతే తెల్ల షీటు నుంచి నల్ల విండోకి మారిన ప్రతిసారీ వెలుగు దానంతటదే పెరిగి తగ్గుతుంటుంది. విండోస్‌లో Settings, System, Display లోకి వెళ్ళి Scale 125% చేశాం. ఆవిడ కుర్చీకి ఆనుకుని కూర్చుని చదవగలిగారు.

ఫోన్‌ది వేరే కథ. చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుగు తగ్గించడానికి నిజంగా మసకబారవు, సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతాయి. 240 సార్లు అన్నది చాలా ఫోన్లలో కనిపించే అంకె. బ్రైట్‌నెస్ తగ్గించేకొద్దీ ఆరి ఉండే సమయం పెరుగుతుంది. ఆ మిణుకు కంటికి తెలియదు, కానీ కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. చాలామందికి ఏమీ కాదు, ఇది అందరి జబ్బు కాదు. మీ ఫోన్ అలాంటిదా అని చూడాలంటే, ఇంకో ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి షట్టర్ 1/1000కి తెచ్చి మీ తెర వైపు తిప్పండి. తక్కువ బ్రైట్‌నెస్‌లో నల్లటి అడ్డపట్టీలు పాకుతూ, పెంచితే సన్నబడితే లేదా పోతే, అదే సంగతి.

ఆవిడ ఫోన్‌లో పట్టీలు బాగా కనిపించాయి. కాబట్టి బ్రైట్‌నెస్ సగానికి పైగా ఉంచి, మసకను సాఫ్ట్‌వేర్‌తో తెచ్చాం. ఐఫోన్‌లో అయితే Accessibility, Display & Text Size లో Reduce White Point ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో Extra dim అని ఉంటుంది, పేరు ఫోన్‌ని బట్టి కొంచెం మారొచ్చు. పెట్టాక మళ్ళీ కెమెరాతో చూడండి, ఎందుకంటే అన్ని ఫోన్లూ ఒకేలా నడుచుకోవు. దీనికంటే తేలికైన పని, గదిలో చిన్న దీపం ఒకటి వేసుకోవడం. చీకటి గదిలో ఏ బ్రైట్‌నెస్ పెట్టినా పొంతన కుదరదు.

మేం ఇవన్నీ ఒకే రోజు మార్చలేదు. మొదటి వారం మానిటర్, రెండో వారం ఫోన్. సాయంత్రం బరువు మొదటి వారంలోనే చాలా తగ్గింది. రాత్రి నొప్పి రెండో వారం తర్వాత అరుదైంది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నాకూ తెలుసు, కానీ ఒక్కొక్కటిగా మార్చబట్టే ఏది పనిచేసిందో ఆవిడకి తెలిసింది.

డార్క్ మోడ్ ఇష్టమైతే వాడుకోండి, మందు అనుకోవద్దు. వెలుతురున్న గదిలో నల్లటి తెర అద్దంలా మీ ముఖాన్నీ కిటికీనీ చూపిస్తుంది. కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి, ఆస్టిగ్మాటిజం, అంటే కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమంగా లేని లోపం ఉన్నవాళ్ళకి తెల్ల అక్షరాల చుట్టూ జిలుగు కనిపిస్తుంది.

మైగ్రేన్ ఉన్నవాళ్ళ విషయం మాత్రం విడిగా చెప్పాలి. వాళ్ళకి వెలుతురే నొప్పి పెంచుతుంది, అందులో నీలి కాంతి పాత్ర కూడా ఉంది. వాళ్ళ కోసం ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ ఛాయ అద్దాలున్నాయి. అవి ప్రధానంగా ఆపేది 480 నుంచి 520 నానోమీటర్ల కాంతిని, అంటే షాపులో అమ్మే తెల్లటి బ్లూ కట్ వదిలేసే భాగాన్ని. వాటి మీద జరిగిన ప్రయోగాలు కొద్దివే అయినా మైగ్రేన్ చూసే డాక్టర్‌ని అడగదగ్గ విషయమే. ఒక్కసారిగా పిడుగులా వచ్చిన నొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చేయి బలహీనపడటం, ఎర్రబడిన కంటితో వాంతులు, వీటిలో ఏది ఉన్నా సెట్టింగుల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.