కొండ ఉత్తరాన ఉంటే నీడ ఇటెందుకు పడింది?

తిరుపతిలో స్థలం అమ్మాలంటే ఫొటోలో కొండ ఉండాల్సిందే. పుత్తూరు రోడ్డులో ఎంత దూరం పోయినా సరే, బ్రోచరులో మాత్రం ప్లాట్ల వెనకాలే శేషాచలం నిలబడి ఉంటుంది. ఇట్లా కొండ అతికించి అమ్మే గొడవలు మన పాఠకులకు కొత్త కాదు కాబట్టి ఆ పురాణం విప్పను. అతికించిన బ్యాక్‌గ్రౌండును పట్టుకోవాలనుకున్న ప్రతివాడూ ముందు మెటాడేటా మీద, అంటే ఫొటో ఫైలు లోపల రాసి ఉండే తేదీ, జీపీఎస్ లాంటి వివరాల మీద పడతాడు. ఉన్న సాక్షుల్లో బలహీనమైనది అదే. గట్టి సాక్షి నీడ. దాన్ని విచారించడానికి స్కేలూ పెన్సిలూ చాలు.

మా బావమరిదికి డిసెంబరు ఆఖరి వారంలో ఒక ఫొటో వచ్చింది. వైకుంఠ ఏకాదశి ఆఫరట. కొత్తగా పాతిన హద్దు రాళ్లు ఆరు, పక్కన ఒక వేప చెట్టు, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు, వెనకాల ఎర్రటి అంచులతో కొండ. స్థలం తిరుచానూరు అవతల. ఉదయం పది గంటలకు తీశామని ఏజెంటు చెప్పాడు. మావాడు అడ్వాన్సు ఇచ్చేయడానికి సిద్ధం. ఆ ఫొటోలో నాకు ముందు నచ్చనిది కొండ కాదు, రాళ్లు. రాళ్ల నీడలు మన వైపుకి, కాస్త కుడికి పడి ఉన్నాయి.

తిరుపతికి కొండ ఉత్తరాన ఉంది. తిరుచానూరు అవతలి నుంచి చూస్తే ఉత్తరంగా, కొంచెం వాయవ్యంగా కనిపిస్తుంది. కొండను వెనకాల పెట్టి ఫొటో తీశారంటే ఫోను ఉత్తరం వైపు తిరిగి ఉందన్నమాట. డిసెంబరు ఆఖర్లో ఉదయం పది గంటలకు మన ఊళ్లో సూర్యుడు ఆగ్నేయంలో, సుమారు 41 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే ఫొటో తీసేవాడి వీపు మీద ఎండ పడుతుంది. రెండడుగుల రాయికి నీడ రెండడుగుల పైచిలుకు ఉంటుంది, అదీ వాయవ్యానికి, అంటే కెమెరా నుంచి కొండ వైపుకి పోవాలి. ఈ ఫొటోలో కొండ వైపు నుంచి మన కాళ్ల దగ్గరికి వస్తోంది. డిసెంబరులో సూర్యుడు ఉత్తర దిక్కుకి రాడు, పొద్దున్నా రాడు, సాయంత్రమూ రాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే పాఠకులు ప్రతి ఫొటోనీ దొంగ ఫొటో అనేస్తారు. ఒకే ఫొటోలో రెండు నీడలు రెండు వైపులకి పడ్డాయి కాబట్టి అది అతుకు అనే మాట తప్పు. రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి కదా, అట్లాగే నేల మీద సమాంతరంగా ఉన్న నీడలు కూడా ఫొటోలో విప్పారినట్టు కనిపిస్తాయి. చంద్రుడి మీద దిగడమే అబద్ధమని వాదించేవాళ్లు దశాబ్దాలుగా ఈ పొరపాటు మీద కూడా బతుకుతున్నారు. నీడల విషయంలో మనిషి కంటిని నమ్మడానికి లేదు. దొంగ ఫొటోల మీద పరిశోధన చేసిన హానీ ఫరీద్, మేరీ బ్రావో 2010లో చూపించింది అదే, నీడలు పొసగకపోయినా మన కంటికి చిక్కదని. అందుకే కంటితో కాకుండా గీతతో చూడాలి.

రాయి తల నుంచి దాని నీడ తల దాకా ఒక గీత గీసి రెండు వైపులా పొడిగించండి. ఎండలో తీసిన ఫొటో అయితే అన్ని వస్తువుల గీతలూ ఒకే బిందువు గుండా పోవాలి. ఆ బిందువు ఫొటోలో సూర్యుడి స్థానం. సూర్యుడు కెమెరా వెనక ఉంటే ఆ గీతలు కింది వైపున కలుస్తాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు, నీడ వంకర పోయినా తల నుంచి తలకి గీసిన గీత మారదు. ఈ లెక్కనే 2013లో ఎరిక్ కీ, జేమ్స్ ఓబ్రియన్, ఫరీద్ ఇంకా పకడ్బందీగా చేశారు. నీడ అంచు కచ్చితంగా దొరకకపోతే ఒక్క గీతకు బదులు అటూ ఇటూ రెండు గీతలతో ఒక ముక్కోణం వదులుతారు. ఆ ముక్కోణాలన్నిటికీ ఉమ్మడి చోటు ఒక్కటీ దొరక్కపోతేనే అబద్ధమంటారు.

ఆ ఫొటోని ప్రింటు తీసి, పెద్ద చార్టు మీద అంటించి గీశాను. ఆరు రాళ్లలో అయిదింటి గీతలు, తెల్ల చొక్కా మనిషి గీత, అన్నీ ఫొటో పైఅంచు దాటి ఎడమ మూలకి పైన ఒక చోట కలిశాయి. ఆరో రాయి నీడ గడ్డిలో పోయింది, దాన్ని వదిలేశాను. దీంట్లో రెండు సంగతులు తేలాయి. ముందున్న మనిషీ రాళ్లూ నిజంగానే ఒకే ఫొటోలోవి. సూర్యుడు కెమెరాకి ఎదురుగా, ఎడమ పక్క ఉన్నాడు. ఉదయం పది గంటల మాట నిజమైతే, ఫోను చూస్తున్నది దక్షిణం. కొండ వీపు వెనక ఉంది!

ఒకసారి ఆ మాట తెలిశాక మిగిలినవన్నీ తమంతట తామే బయటపడ్డాయి. ఎండకి ఎదురుగా తీశారు కాబట్టి రాళ్ల ముందు ముఖాలు నల్లగా ఉన్నాయి, కొండ ముఖం మాత్రం ఎండలో మెరుస్తోంది. పైగా కొండ చీలికల నీడలు కుడి పక్కన ఉన్నాయి. అంటే కొండ ఫొటో మధ్యాహ్నం దాటాక, పడమటి ఎండలో తీసింది. వేపాకుల చుట్టూ సన్నటి తెల్ల అంచు, ఆకుల సందుల్లో అక్కడక్కడా తెల్ల మచ్చలు. అసలు ఫొటోలో ఆకుల వెనక ఉన్నది ఎండకి తెల్లబారిపోయిన దక్షిణపు ఆకాశం. కత్తిరించినవాడు ఆ తెలుపును పూర్తిగా తీయలేకపోయాడు.

అంచు మెరుపు కనిపించగానే దొరికాడు దొంగ అనుకోవద్దు. ఫోన్లు ఫొటోకి పదును పెట్టినప్పుడు కూడా అంచుల పక్కన మెరుపు వస్తుంది. అది ఫొటోలో ఉన్న అన్ని గట్టి అంచులకీ ఒకే వెడల్పులో ఉంటుంది, మెరుపు పక్కనే నల్లగీత కూడా ఉంటుంది. అతుకు అంచు అట్లా కాదు. అది కత్తిరించిన వస్తువు చుట్టూ మాత్రమే ఉంటుంది, పాత బ్యాక్‌గ్రౌండు రంగులో ఉంటుంది. మా ఫొటోలో రాయికీ దాని నీడకీ మధ్య అంచు మామూలుగా ఉంది. చెట్టుకీ కొండకీ మధ్యే తెలుపు.

నాయిస్ దగ్గర, అంటే ఫొటోలో పడే సన్నటి చుక్కల దగ్గర మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. నల్లగా పడ్డ రాళ్లని ఫోను సాఫ్ట్‌వేరు వెలుగులోకి లాగితే వాటి మీద ఇసక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఎక్కడి నుంచో తెచ్చి సైజు తగ్గించిన కొండ నున్నగా ఉంటుంది. నిజమే, ఇక్కడా అట్లాగే ఉంది. కానీ వెలుగును బట్టి నాయిస్ మారుతుంది కాబట్టి ఒకే వెలుగున్న రెండు చోట్లనే పోల్చాలి, రాతి బూడిదని కొండ బూడిదతో. పోర్ట్రెయిట్ మోడులో ఫోనే వెనకాల నున్నగా చేసేస్తుంది. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, మళ్లీ జేపెగ్‌గా నొక్కేస్తుంది, చుక్కల్లో సగం అక్కడే చస్తాయి. నీడ దిక్కుని మాత్రం ఏ కుదింపూ మార్చలేదు. నేను నీడ పక్షాన నిలబడింది అందుకే.

ఇప్పుడు మెటాడేటా. వాట్సాప్ దాన్ని తీసేస్తుంది కాబట్టి, ఫొటోని డాక్యుమెంటుగా పంపమని ఏజెంటుని అడిగించాను. పాపం, పంపాడు. మెటాడేటాని చదివే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాముకి దాన్ని ఇచ్చాను.

```
exiftool -a -G1 -s photo.jpg
```

తేదీ సరిగ్గా ఉంది. జీపీఎస్ ఆ స్థలం మీదే ఉంది. మా బావమరిది మొహం వెలిగిపోయింది.

"జీపీఎస్ కరెక్టుగా ఉండాది కదా బావా, ఇంకేం గావాల?"

ఇంకా చాలా కావాలి. అసలు ఫొటోని ఎడిటరులో తెరిచి వెనకాల కొండ అతికించి సేవ్ చేస్తే, చాలాసార్లు ఆ అసలు ఫొటో మెటాడేటానే కొత్త ఫైలుతో పాటు వచ్చేస్తుంది. ఇక్కడ అదే జరిగింది. ఆ వివరాలన్నీ నిజమే, కాకపోతే రాళ్లకి సంబంధించిన నిజం. ఫోను ఎక్కడ నిలబడిందో జీపీఎస్ చెబుతుంది, వెనకాల ఏముందో చెప్పదు. నాకు పనికొచ్చింది ఒక్క వరుసే. కొన్ని ఫోన్లు `GPSImgDirection` అని కెమెరా తిరిగిన దిక్కు కూడా రాస్తాయి. అక్కడ 170 ఉంది. ఉత్తరం 0, దక్షిణం 180. ఇనప గేటు పక్కన ఉంటే ఫోను దిక్సూచి బాగా తప్పు చెబుతుంది కాబట్టి అదొక్కటే ఉంటే నేను నమ్మేవాణ్ని కాదు. నీడ ముందే చెప్పింది కాబట్టి నమ్మాను.

నీడ వాదనకి ఎదురు వాదన లేకపోలేదు. మబ్బు పట్టిన రోజు నీడే ఉండదు. తెలివైనవాడు నీడని కూడా గీసేస్తాడు. ఇంకొకటి, మన అక్షాంశంలో ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, అప్పుడు నా డిసెంబరు లెక్క తలకిందులవుతుంది. అన్నీ ఒప్పుకుంటాను. గాంధీ రోడ్డు స్టూడియోలో చిన్నప్పుడు మేము దిగిన ఫొటోలో వెనకాల గోపురం గుడ్డ మీద బొమ్మ. దాంట్లో నాయిస్ ఒకటే, అంచులు శుభ్రం, మెటాడేటా ఉండి ఉంటే అదీ సక్రమమే. నాలుగు పరీక్షల్లో మూడు దాన్ని అసలైన ఫొటో అనే తేలుస్తాయి. గోపురం మీద ఎండ ఒక వైపు నుంచి, మా మొహాల మీద స్టూడియో లైటు ఇంకో వైపు నుంచి. అక్కడ కూడా పట్టించేది వెలుగూ నీడే.

మనకి ముద్ర మీద ఉన్న భక్తి ఇంతా అంతా కాదు. ఒకప్పుడు గుండ్రటి రబ్బరు స్టాంపు, ఇప్పుడు ఫొటో ఎక్కడ తీశారో చెప్పే జియోట్యాగు. ఉపాధి హామీ పనుల హాజరుకి ఎన్ఎంఎంఎస్ యాప్‌లో జియోట్యాగు ఫొటోలు పెట్టాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే, ఫొటోని ఫొటో తీసి ఎక్కిస్తున్నారని రాష్ట్రాలకి రాసింది. స్థలం నిజం, సమయం నిజం, కూలీలు మాత్రం పాత ఫొటోలో. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను కింద ఇచ్చే సర్టిఫికెట్లో, ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి, మంచిదే. ఆ హ్యాష్ తీసినప్పటి నుంచి ఫైలు మారలేదని మాత్రమే అది చెబుతుంది. అంతకు ముందే కొండ అతికి ఉంటే, అతికిన కొండకే హ్యాష్.

అధికారులకి నాదొక మాట. పని చోట ఫొటోలో మీటరు కర్ర ఒకటి నిటారుగా పాతి, దాని నీడ మొత్తం కనిపించేలా తీయమనండి. స్థలమూ సమయమూ యాప్‌కి ముందే తెలుసు, ఆ నిమిషానికి నీడ ఎటు పడాలో, ఎంత పొడుగుండాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. పొద్దున తీసిన ఫొటోని సాయంత్రం ఫొటో తీసి పెడితే కర్ర అక్కడే పట్టిస్తుంది. నిన్న పది గంటలది ఇవాళ పది గంటలకి పెడితే పట్టించదు, రోజుకి నీడ మారేది అంత తక్కువ. అయితే వారం, పది రోజులు అదే ఫొటో తిప్పినవాడికి డిసెంబరులో అదృష్టం బాగుండొచ్చు గానీ, మార్చిలో సూర్యుడు రోజుకి దాదాపు 0.4 డిగ్రీ ఉత్తరానికి జరుగుతుంటాడు కాబట్టి అప్పుడు దొరికిపోతాడు.

మా బావమరిది మాత్రం ఆ ఆదివారం బండేసుకుని స్థలానికి పోయొచ్చాడు. ఫొటో తీసిన చోట నిలబడి చూస్తే ఎదురుగా కంప చెట్లూ ఒక కరెంటు లైనూ ఉన్నాయట. కొండ చూడాలంటే వెనక్కి తిరగాల్సి వచ్చిందట.