మా గీజరుకి భోగి నాడు తెల్లారలేదు

ధనుర్మాసం కదా, అమ్మ నాలుక్కే లేచి స్నానం చేసి ముగ్గేసి గుడికి పోవాలి. దానికోసం ఆవిడ రాత్రే గీజర్ స్విచ్ వేసి పడుకోడం, అది తెల్లార్లూ ఆగుతూ వెలుగుతూ ఉండటం, కరెంటు బిల్లు చూసి నాకు నీళ్ళు లేకుండానే చెమట స్నానం. సరే టైమర్ పెడదామని వన్‌టౌన్ వెళ్ళా. గీజర్ 2000 వాట్లు అంటే దాదాపు 9 యాంప్స్ లాగుద్ది సార్, చిన్నది పెడితే కాలిపోద్ది అని కొట్టువాడు 16 యాంప్స్‌ది చేతిలో పెట్టాడు. గడియారంలా తిరిగే డయల్, చుట్టూ 96 పిన్నులు, పిన్నుకి పావుగంట, నొక్కినవాటి టైముకి కరెంటు వస్తది.

ఇంక నేను ఊరుకుంటానా. వారం రోజులు నోట్‌బుక్ పెట్టుకుని బాత్రూం బయట కుర్చీ వేసుకు కూర్చున్నా (మా ఆవిడ వీడియో తీసి వాళ్ళ చెల్లెలికి పంపింది). నాన్న ఐదు నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పి 22 నిమిషాలు తీసుకుంటాడు. మావాడు ఆరున్నర అంటాడు, తలుపు తీసేది 7:50కి. మనిషికి ఒక బకెట్ అనుకుందాం, 20 లీటర్ల బకెట్లో గీజర్ నీళ్ళు 8, 9 లీటర్లే పడతయ్యి, మిగతాది చన్నీళ్ళే. అంటే మా 15 లీటర్ల గీజర్ ఒకటిన్నర బకెట్‌కి సరి, రెండోవాడికి సగంలోనే గోరువెచ్చన మొదలవుద్ది, మళ్ళీ కాగటానికి ఓ ఇరవై నిమిషాలు. ఆ లెక్కన 3:45 నుంచి 4:15 దాకా అమ్మకి, 5:30కి నాన్నకి, 7:15కి మా ఇద్దరికీ పిన్నులు నొక్కేసా. డబ్బాని అందంగా కనపడాలని బాత్రూం తలుపు పైన అటక లోపల బిగించా. డయల్ ఎవరికీ కనపడదు. ఈ తెలివితేటలు గుర్తుంచుకోండి.

పది రోజులు దివ్యంగా నడిచింది. నేను కాలనీలో నలుగురికి చెప్పా కూడా.

భోగి రోజు తెల్లవారుజామున నాలుక్కి, తలంటు పెట్టుకుని నెత్తి నిండా నూనెతో అమ్మ అరుపు, "ఏరా, నీళ్ళు మంచులా ఉన్నయ్యి, నీ మిషను నిద్రపోయిందా?" వెళ్ళి చూస్తే గీజర్ లైటు లేదు. నేను వెంటనే థర్మల్ కటౌట్ పడిపోయిందని తేల్చేసా. థర్మోస్టాట్ రోజూ నీళ్ళు కాగగానే ఆపుద్ది, చల్లారితే తనే మళ్ళీ వేస్తది. అది ఎక్కడన్నా అంటుకుపోతే, నీళ్ళు మరిగిపోయేలోపు మొత్తం ఆపేసేది కటౌట్, దాన్ని మాత్రం మనం చేత్తో నొక్కాలి. ఎంసీబీ దించి, స్టూలెక్కి, కింద కవరు స్క్రూలు విప్పి, ఎర్ర బటన్ నొక్కా. పడిపోయి ఉంటే టిక్‌మని వేలికి తెలవాలి. ఏం తెలవలా. మళ్ళీ నొక్కా. కింద నుంచి నాన్న సెల్ లైటు నా కళ్ళలో వేసి "ఎర్రది నొక్కావా, పచ్చది ఏమన్నా ఉందా చూడు" అని సలహా. పచ్చది లేదు.

టిక్ రాలేదంటే కటౌట్ అసలు పడలేదన్నమాట, అంటే గీజర్ దాకా కరెంటే రావట్లేదు. కవరు బిగించి, ఎంసీబీ ఎత్తి చూసినా లైటు లేదు. అప్పుడు అటకలో తల దూర్చి చూశా. డయల్ మీద బాణం 12:20 దగ్గరుంది. నా ఫోన్లో 4:20.

ముందురోజు చెట్ల కొమ్మలు కొడతామని పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా లైను తీశారు. ఈ టైమర్లో బ్యాటరీ లేదు, మోటారు కరెంటు మీదే తిరుగుద్ది, కరెంటు పోతే అక్కడే ఆగి, రాగానే ఏం జరగనట్టు అక్కణ్ణించే నడుస్తది. ఆ మధ్యాహ్నమే ఓసారి చూసి తిప్పి ఉంటే పోయేది. బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది 400 ఎక్కువని నేనే వద్దన్నా, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నా.

డయల్ తిప్పి సరిచేద్దామంటే అమ్మ ఆగదు, ఇంకో ఇరవై నిమిషాలు నూనెతో నిలబడనంది. నాన్న అప్పటికే ఇత్తడి కాగు మోసుకెళ్ళి వీధిలో భోగి మంట పక్కన పెట్టేశాడు. అందరం ఆ నీళ్ళే పోసుకున్నాం, పొగ వాసనతో సహా. ఆ హడావిడిలో డయల్ సంగతి మర్చిపోయా. 7:45కి కొత్త బట్టల్లో పొంగలి తింటుంటే అటకలోంచి టక్‌మని చప్పుడు, గీజర్ లైటు వెలిగింది.

"లేచాడ్రా నీ మొనగాడు" అన్నాడు నాన్న.

నేను ఆపటానికి లేస్తుంటే వంటింట్లోంచి అమ్మ, "ఉండనీ, గిన్నెలకి జిడ్డు బాగా పోద్ది."