ఎంపిక చేయబడిన ఆవకాయ

తెలుగు ప్రకటనలకు జాతీయ పదం ఒకటి ప్రకటించాల్సి వస్తే పోటీ లేకుండా గెలిచే మాట ‘చేయబడిన’. ఏ ఇంట్లోనూ ఎవరూ ‘అమ్మా, వడ్డించబడిన అన్నం చల్లారుతోంది’ అనరు. ఏ బండి దగ్గరా ‘ఇప్పుడే వేయబడిన బజ్జీలు’ దొరకవు. అయినా మైకు ముందు మనిషి నిలబడ్డాడంటే చాలు, సరుకంతా తనంతట తానే చేయబడుతుంది, ఎంపిక చేయబడుతుంది, అందించబడుతుంది. చేసినవాళ్లెవరో మాత్రం కనబడరు. ప్రాచీన హోదా సాధించుకున్న భాషకు ఆ మాత్రం గౌరవం ఉండాలని కాబోలు.

ఈ మహత్తర సంప్రదాయాన్ని భావితరాలకు అందించే సదుద్దేశంతో ఒక నమూనాను ఇక్కడ భద్రపరుస్తున్నాం. సరుకు ఆవకాయ. ప్రకటన నిడివి 20 సెకన్లు. కంపెనీని ఫలానా అనుకుందాం. వాయిస్ ఓవర్ కోసం పైనుంచి దిగివచ్చిన వాక్యం ఇది:

‘తరతరాల సంప్రదాయాన్ని పుణికిపుచ్చుకుని, నిపుణుల పర్యవేక్షణలో ప్రత్యేకంగా ఎంపిక చేయబడిన శ్రేష్ఠమైన మామిడికాయలతో, స్వచ్ఛమైన గానుగ నూనెతో, అత్యాధునిక యంత్రాలపై పరిశుభ్రమైన వాతావరణంలో తయారు చేయబడి, మీ కుటుంబ సభ్యులందరి యొక్క అభిరుచులకు అనుగుణంగా అందించబడుతున్న ఏకైక ఆవకాయ, ఫలానా వారి ఆవకాయ.’

‘31 మాటలేగా, ఏమంత పెద్దది?’ అని దీన్ని రాసినవారి ధీమా. ఆ ధీమాకు ఆధారం ఇంగ్లీషు వాళ్ల లెక్క. 30 సెకన్లకు 70, 80 మాటలు పడతాయని వాళ్లు చెప్పుకుంటారు. వాళ్ల మాటల్లో చాలావరకు ఒకటి రెండు పలుకుల్లో అయిపోతాయి. మనం ఒక్క మాటకే విభక్తినీ బహువచనాన్నీ తోకలుగా తగిలిస్తాం. ‘మామిడికాయలతో’ ఒక మాటే, పలకాల్సినవి ఏడక్షరాలు. అందుకే తెలుగులో మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టాలి. పై వాక్యంలో 133 ఉన్నాయి. వినేవాళ్లకు అర్థమయ్యేలా, అమ్మే గొంతుతో చదివితే సెకనుకు ఐదారు అక్షరాలు వెళ్తాయి. అంటే ఊపిరి పీల్చుకోకుండా చదివినా ఈ వాక్యమొక్కటే 22 నుంచి 27 సెకన్లు తింటుంది. ప్రకటనేమో 20. ఇంకా ధర రాలేదు, ఫోన్ నంబరు రాలేదు, ‘అన్ని ప్రముఖ దుకాణాలలో లభించును’ రాలేదు.

అంకెల సంగతి మరీ మోసం. కాగితం మీద 249 అని మూడంకెలు బుద్ధిగా కూర్చుంటాయి. నోట్లోకి రాగానే ‘రెండు వందల నలభై తొమ్మిది రూపాయలు’ అని 15 అక్షరాలై లేస్తాయి. మూడు సెకన్లు పోయినట్టే. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కోసారి పలికితే 25 అక్షరాలు, కాబట్టి పది అంకెల ఫోన్ నంబరు ఒకసారి చదవడానికి ఐదు సెకన్లు కావాలి. కంపెనీ వారు రెండుసార్లు చదవమంటారు, ప్రజలు పెన్ను చేతపట్టుకుని టీవీ ముందు కూర్చుంటారని వారి నమ్మకం. ధరనూ నంబరునూ తెర మీద వేస్తే కన్ను ఒక్క చూపులో చదివేస్తుంది, నోటికి పని ఉండదు.

ఇంతకూ అసలు వేడుక వాక్యం పొడవులో లేదు. బొమ్మ మీద ఆ వాక్యాన్ని పెట్టినప్పుడు ఉంది.

తెర మీద మొదటి నాలుగు సెకన్లు ఆవకాయ కత్తితో టకటకా ముక్కలు కొడుతుంటారు. గొంతు ‘తరతరాల సంప్రదాయాన్ని పుణికిపుచ్చుకుని’ దగ్గర ఉంటుంది. మామిడికాయ కళ్ల ముందే రెండు చెక్కలవుతుంటే, పుణికిపుచ్చుకున్నది ఎవరో తెలియక చూసేవాడు కత్తి వంక అనుమానంగా చూస్తాడు. తర్వాతి నాలుగు సెకన్లు ఆవపిండి, కారం, పైనుంచి నూనె ధార. గొంతు ఇప్పుడు మామిడికాయల్ని ఎంపిక చేస్తూ ఉంటుంది, అవి ముక్కలై నాలుగు సెకన్లయిందన్న స్పృహ లేకుండా. మూడో షాటులో చేత్తో కలుపుతుంటారు. చక్కటి ఎర్రటి చెయ్యి. సరిగ్గా అప్పుడు గొంతు ‘అత్యాధునిక యంత్రాలపై’ అంటుంది. నాలుగో షాటులో పిల్లాడు వేడన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు, తాతగారు వాణ్ణి చూసి నవ్వుతారు. ఇరవై సెకన్లలో కాస్త ప్రాణం ఉన్న చోటు అదొక్కటే. దాని మీద పడేది ‘పరిశుభ్రమైన వాతావరణంలో తయారు చేయబడి’. పిల్లాడు తయారు చేయబడ్డాడా, తాతగారా? చివర సీసా నిలబడుతుంది. సీసా కనిపిస్తున్నంతసేపూ గొంతు కుటుంబ సభ్యులందరి యొక్క అభిరుచుల్ని విచారిస్తుంటుంది. అక్కడికి 20 సెకన్లు అయిపోతాయి. ఆవకాయ పేరు రానే రాదు.

ఇది అజాగ్రత్త వల్ల జరిగింది కాదు, తెలుగు వాక్యం నడకే అంత. మన భాషలో విశేషణాలన్నీ ముందు నడుస్తాయి, నామం వెనక వస్తుంది, క్రియ ఉంటే అన్నిటికన్నా చివర. కాగితం మీద ఇబ్బంది లేదు, కన్ను వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. ‘చేయబడిన, చేయబడి, అందించబడుతున్న’ అని మూటలు మూటలుగా నెత్తిన పెడుతుంటే, దింపుకునే చోటు వచ్చేదాకా వినేవాడు మోయాలి. అది వచ్చేసరికి బొమ్మ మూడుసార్లు మారిపోతుంది. ఈ రోగానికి మందు కూడా తెలుగులోనే ఉంది. మనకు క్రియ లేకుండా నిలబడే వాక్యాలున్నాయి. ‘నూనె గానుగదే.’ ఆరక్షరాలు. నామం ముందే వచ్చింది, వాక్యం అయిపోయింది, బొమ్మ ఇంకా మారలేదు.

రికార్డింగులో జరిగేది ఇంకొక కళ. గాజుగదిలో వాయిస్ చెప్పే ఆవిడ. బయట కంపెనీ వారు.

‘అమ్మా, కొంచెం స్పీడుగా చెప్పాలి. కానీ ఫీల్ పోకూడదు.’

‘పట్టడం లేదు సార్.’

‘పేపర్ యాడ్‌లో పట్టింది కదమ్మా!’

‘శ్రేష్ఠమైన’ పక్కనే రెండడుగుల దూరంలో ‘స్వచ్ఛమైన’ పెట్టినవాడు వాటిని ఒక్కసారైనా నోటితో పలికి చూడలేదని హామీ ఇవ్వవచ్చు. ఠ వత్తు, ఛ వత్తు వేగంలో నలిగి ‘శ్రేష్టమైన, స్వచ్చమైన’ అవుతాయి. టేకుల మీద టేకులు. చివరికి ఎడిటర్ ఆవిడ ఊపిరి తీసుకున్న చోట్లన్నీ కత్తిరించి, మిగిలినదాన్ని 1.25 రెట్లు వేగం పెంచి అతికిస్తాడు. శ్రుతి మారదు, గొంతు కీచుమనదు, కానీ ఊపిరి పీల్చని మనిషి మాట్లాడుతున్నట్టుంటుంది. అప్పుడు కంపెనీ వారు తేల్చేది: ‘వాయిస్‌లో ప్రాణం లేదండీ, వేరే ఆవిణ్ణి చూద్దాం.’ రాసినవాడి తప్పుకు చదివినావిడ పని పోతుంది. ఇది మాత్రం నవ్వుకునే విషయం కాదు.

సరిదిద్దడం పెద్ద విద్యేమీ కాదు. కాగితాన్ని నిలువుగా రెండు చేసి, ఎడమ పక్క షాటు, దాని సెకన్లు రాయాలి. కుడి పక్క మాట. ఏ మాటా తన షాటు గడి దాటకూడదు. తర్వాత ప్రతి గడికీ ఒకటే ప్రశ్న: ఇది బొమ్మలో ఇప్పటికే కనిపిస్తోందా? కనిపిస్తుంటే మాట కొట్టేయాలి. నూనె పోయడం కనిపిస్తుంది, ‘నూనె పోసి’ అనక్కర్లేదు. అది గానుగదని కన్నుకు తెలియదు, నోటికి పని అక్కడ. ఇలా జల్లిస్తే మన నమూనా ఇలా తేలుతుంది.

కత్తి పడే షాటులో సెకనున్నర కత్తి చప్పుడే విననివ్వాలి. ఆ తర్వాత, ‘టెంక గట్టిపడ్డ కాయే.’ నూనె ధార మీద, ‘నూనె గానుగదే.’ కలిపే చెయ్యి మీద, ‘మూడో నాడు తిరగ కలిపాకే సీసాలోకి.’ పిల్లాడి మీద ఒక్క మాటా వద్దు, వాడు ‘ఉస్స్’ అంటే చాలు. సీసా తెర మీద నిలిచి అర సెకను గడిచాక, ‘ఫలానా వారి ఆవకాయ. అన్నం పెట్టుకోండి.’

మొత్తం 44 అక్షరాలు, ఎనిమిది సెకన్ల మాట. పన్నెండు సెకన్లు కత్తికీ పిల్లాడికీ సంగీతానికీ మిగిలాయి. నిపుణులు, పర్యవేక్షణ, వాతావరణం అన్నీ పోయాయి, ఎవరికీ నష్టం లేదు. ‘ఏకైక’ పోవడం మరీ మంచిది, ఎవరైనా నిరూపించమంటే చూపించడానికి ఆధారం లేదు. ఇక పరీక్ష ఒక్కటే. బొమ్మను మ్యూట్‌లో పెట్టి, లేచి నిలబడి, స్టాప్‌వాచీతో బయటికి చదవాలి. మనసులో చదివితే నోటికన్నా చాలా వేగంగా పోతుంది, అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. నాలుక తడబడిన మాటను మార్చాలి. ఊపిరి చాలని చోట కామా పెట్టి సర్దుకోకుండా చుక్క పెట్టాలి. పేరు ‘ఫ’తో మొదలైతే మైకులో గాలి ‘ఫట్’మని పేలుతుంది కనుక చదివేవారు మూతి కొంచెం పక్కకు తిప్పి చెప్పాలి.

ఇదంతా ఆవకాయ గొడవ. అర్థం కాకపోతే ఒక సీసా అమ్ముడుపోదు, అంతే. డబ్బు పెట్టమనే ప్రకటనల దగ్గర ఈ లెక్క తప్పితే నవ్వు రాదు.

మ్యూచువల్ ఫండ్ల హెచ్చరిక ఇంగ్లీషులో సరిగ్గా 14 మాటలు. 14 మాటలు కనీసం 5 సెకన్లు నడిస్తే స్పష్టంగా ఉన్నట్టు భావించవచ్చని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఇంగ్లీషులో అవి ఇరవయ్యారు పలుకులు, సెకనుకు ఐదు చొప్పున హాయిగా వెళ్తాయి. అదే తెలుగులో: ‘మ్యూచువల్ ఫండ్ పెట్టుబడులు మార్కెట్ నష్టభయాలకు లోబడి ఉంటాయి, పథకానికి సంబంధించిన అన్ని పత్రాలను జాగ్రత్తగా చదవండి.’ మాటలు 13, ఒకటి తక్కువే. పలకాల్సినవి 47. ఐదు సెకన్లలో ఇరికిస్తే సెకనుకు తొమ్మిదిన్నర. ఇంగ్లీషు విన్నవాడికి అందిన హెచ్చరిక, తెలుగు మాత్రమే వచ్చిన రిటైర్డ్ మాస్టారికి దాదాపు రెట్టింపు వేగంతో చెవి పక్కనుంచి వెళ్లిపోతుంది. ఆయన దాచుకున్న సొమ్ము గురించి చెప్పాల్సిన ఒకే ఒక్క నిజమైన వాక్యాన్ని ఆయనకు అర్థం కాకుండా చదువుతున్నారు! మాటల లెక్కతో సరిచూసుకుని, అంతా సక్రమమే అనుకుంటున్నారు. దానికి కావలసింది ఎనిమిది సెకన్లు. పెట్టుబడి పెట్టినాయన మనవరాలిని గాల్లోకి ఎగరేసే స్లోమోషన్ షాటులోంచి కోసినా ఆ మూడు సెకన్లు దొరుకుతాయి.