ఆ స్లైడు ఎవరిది?

అమెరికాలోని మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో తెర మీద పాత స్లైడ్లు వచ్చాయి. విరాళం పెంచిన దాత పేరు ఇంకా కింది వరుసలోనే ఉంది. కారణం ఫైలు పేరు. `Ugadi_03-31`, `Ugadi_04-03` అని రెండు ఫైళ్లున్నాయి. రెండోది ఇక్కడే చదువుకున్న మా కుర్రవాడు, ఇక్కడి అలవాటు ప్రకారం నెల ముందు రాసి, ఏప్రిల్ 3న పెట్టినది. వేదిక దగ్గర కూర్చున్నాయన ఇండియా నుంచి కొత్తగా వచ్చారు. ఆయన దాన్ని మార్చి 4 అని చదివి, పాతదనుకుని మార్చి 31 నాటిది తెరిచారు. ఇద్దరిదీ తప్పు కాదు.

ఇప్పుడు మేము `Ugadi_2024-04-03` అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తున్నాం. ఇలా రాస్తే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. అయితే నా దృష్టిలో అసలు మందు తేదీ కాదు, ఒకే ఫైలు ఉండటం. గూగుల్ స్లైడ్స్‌లో పాత రూపాలు వెర్షన్ హిస్టరీలోనే దొరుకుతాయి. ముఖ్యమైన దశకు అక్కడే పేరు పెట్టుకోవచ్చు. ఇక "ఫైనల్" అనే మాటతో ఎన్ని కాపీలు తీస్తే అన్ని తగాదాలు.

ఒకే ఫైలులో పన్నెండు మంది చేతులు పెడితే ఏ స్లైడు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అక్కడ ఒక్కో స్లైడుకు విడిగా తాళం వేయలేం. మార్చే అనుమతి ఇస్తే మొత్తానికి ఇచ్చినట్టే. అందుకే దాతలు, పిల్లల కార్యక్రమాలు, లెక్కలు, సంతాపాలు అని నాలుగు భాగాలు చేశాం. ప్రతి భాగం ముందు బాధ్యుల పేరుతో ఒక బూడిద రంగు స్లైడు పెట్టాం. దాన్ని "స్కిప్" చేస్తే తెర మీద కనిపించదు. మార్చే హక్కు ఆ నలుగురికే. మిగతావారికి కామెంటు పెట్టే అనుమతి చాలు. దీన్ని అవమానంగా తీసుకున్నవారూ ఉన్నారు, కానీ నేను వెనక్కి తగ్గలేదు.

కామెంట్లు ఎలా రాయాలో కూడా నేర్చుకోవలసి వచ్చింది. "ఇది సరిచేయండి" అంటే ఎవరు? ఏమని? ఎవరికీ చెప్పని పని ఎవరూ చేయరు. "శ్రీవల్లి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, సరైనది ఇది" అని రాసి, @ గుర్తుతో పిల్లల విభాగం చూసే ఆవిడ పేరు చేర్చి, పనిని ఆవిడకే అప్పగించాలి. సరిచేశాక కామెంటును మూసేది మాత్రం దాన్ని పెట్టినవారే అన్నది మా కట్టుబాటు. సరిచేసినవారే మూసేస్తే, సగం సరిదిద్దినవి కూడా కంటికి కనిపించకుండా పోతున్నాయి.

గురువారం రాత్రి 9 గంటలకు అందరి అనుమతినీ చూడటానికి మాత్రమే అన్నట్టు తగ్గిస్తాం. ఆ తర్వాత మార్చగలిగేది వేదిక దగ్గరి ఒక్కరే. వేడుక రోజు, శనివారం ఉదయం ఎవరైనా తండ్రి వచ్చి పాప పేరు తప్పుపడిందంటే? మారుస్తాం. దాత లోగో పెద్దది చేయమంటే మాత్రం మార్చం.